లేని శబ్దం ఎక్కడ పుడుతోంది? వినికిడి తగ్గాక వచ్చే టిన్నిటస్, మెదడులో చెదిరిన పటం

అందరికీ నమస్కారం. టిన్నిటస్ అంటే చాలా విషయాలున్నాయి, అన్నీ ఇవాళ ముట్టుకోను. ఒక్క ప్రశ్న పట్టుకుంటాను. చెవికి వినికిడి తగ్గింది. తగ్గినచోట నిశ్శబ్దం ఉండాలి కదా? మరి అక్కడే కుయ్ మని, సర్రుమని మోత ఎందుకు మొదలవుతుంది? మెదడులో శబ్దాల పటం చెదిరిపోవడం వల్లే ఇలా జరుగుతుందని ఒక సిద్ధాంతం చాలాకాలం రాజ్యమేలింది. అందులో ఏది నిలబడింది, ఏది జారిపోయిందన్నదే ఇవాల్టి సంగతి.

ముందు పటం అంటే ఏమిటో చూద్దాం. లోపలి చెవిలో కాక్లియా నత్తగుల్లలా చుట్టుకుని ఉంటుంది. విప్పి సాగదీస్తే సుమారు 35 మిల్లీమీటర్లు. మొదట్లో, అంటే మధ్యచెవి వైపున, సన్నటి శబ్దాలు పలుకుతాయి. చివర్లో బొంగురువి. పియానో మెట్లను వరసగా పేర్చినట్టన్నమాట. ఈ వరస వినికిడి నాడిలోనూ, మెదడు కాండంలోనూ, అక్కడినుంచి మెదడు పైపొర అయిన కార్టెక్స్‌ దాకా చెరగకుండా వెళ్తుంది. కార్టెక్స్‌లో ఒక చోట వెయ్యి హెర్ట్జ్‌కి స్పందించే కణాలుంటే, కాస్త పక్కన రెండు వేలకి, ఆ పక్కన నాలుగు వేలకి స్పందించేవి ఉంటాయి. మనం పటం అంటున్నది ఈ అమరికనే.

ఇప్పుడు పెద్ద మోత వల్లో, వయసు వల్లో కాక్లియాలో నాలుగు వేల హెర్ట్జ్ పైన పలికే, శబ్దాన్ని నాడీ సంకేతంగా మార్చే రోమకణాలు పోయాయనుకోండి. కార్టెక్స్‌లో ఆ భాగానికి ఇక కబురు రాదు. అయినా ఆ కణాలు ఖాళీగా కూర్చోవు. 1989లో రాబర్ట్‌సన్, ఇర్విన్ గినీ పందుల మీద చేసిన పనిలో ఇది స్పష్టంగా కనిపించింది. కాక్లియాలో ఒక ముక్క దెబ్బతిన్న కొన్ని వారాలకి, కార్టెక్స్‌లో ఆ ముక్కకి చెందిన కణాలు దెబ్బ అంచున మిగిలిన శబ్దాలకి స్పందించడం మొదలుపెట్టాయి. పొరుగువాడు ఖాళీ చేసిన పొలంలో గట్టు జరిపి దున్నుకున్నట్టు, అంచు ఫ్రీక్వెన్సీ తన వాటాకి మించి స్థలం ఆక్రమించింది.

దీన్ని టిన్నిటస్‌తో ముడిపెట్టాలన్న ఊహ చేతులు, కాళ్లు పోయినవారిని చూసి వచ్చింది. లేని చేతిలో నొప్పి ఎంత తీవ్రంగా ఉంటే, స్పర్శ కార్టెక్స్‌లో పటం అంత ఎక్కువగా జరిగి ఉందని 1995లో హెర్టా ఫ్లోర్ బృందం చూపించింది. మూడేళ్ల తరవాత అదే కోవలో మ్యూల్‌నికెల్, ఎల్బర్ట్, టౌబ్, ఫ్లోర్ టిన్నిటస్ ఉన్న పదిమందిని అయస్కాంత తరంగాలు కొలిచే యంత్రంలో కూర్చోబెట్టారు. మామూలు స్వరాలు కార్టెక్స్‌లో ఎక్కడెక్కడ పలుకుతున్నాయో గుర్తించి, వాటి మీదుగా ఒక గీత గీశారు. టిన్నిటస్ ఫ్రీక్వెన్సీ ఆ గీత మీద పడకుండా పక్కకి జరిగింది. ఎంత జరిగిందన్నదానికీ, మోత ఎంత బలంగా ఉందని మనిషి చెప్పాడన్నదానికీ సహసంబంధం 0.82. జీవశాస్త్రంలో ఇంత పెద్ద అంకె కనిపిస్తే నాకు సంతోషం కన్నా అనుమానమే ముందొస్తుంది. పదిమందిలో ఇద్దరు అటూ ఇటూ అయితే అంకె మారిపోతుంది. పైగా రెండూ కలిసి పెరిగాయంటే ఒకటి రెండోదానికి కారణమని అర్థం కాదు.

అయినా ఆ సిద్ధాంతానికి గట్టి ఆకర్షణ ఉంది, ఎందుకంటే దాన్నించి పరీక్షించదగ్గ మాట ఒకటి వస్తుంది. అంచు ఫ్రీక్వెన్సీ కణాలు ఎక్కువైపోయి, అవన్నీ కలిసి తమంతట తామే మోగుతుంటే, వినబడే మోత అంచు దగ్గరి స్వరంలో ఉండాలి. లేదూ, ఆక్రమణకి గురైన కణాలు తమ పాత చిరునామాతోనే మాట్లాడుతున్నాయనుకుంటే, మోత వినికిడి పోయిన ప్రాంతపు స్వరంలో ఉండాలి. పటం చెదిరిందన్న మాట ఒక్కటే ఈ రెంటిలో ఏది నిజమో చెప్పదు. ఈ తేడా చాలామంది దాటేసి వెళ్తారు. మనం దాటొద్దు.

[తెర మీద ఆడియోగ్రామ్]

ఇది వివరించడానికి నేను గీసుకున్న ఆడియోగ్రామ్, అంటే ఏ స్వరం ఎంత బిగ్గరగా ఉంటే వినబడుతుందో చూపే గీత, ఎవరిదీ కాదు. డెసిబెల్స్ పెరిగేకొద్దీ వినికిడి అంత తగ్గినట్టు. యంత్రాల మోతలో ఏళ్ల తరబడి పనిచేసిన మనిషికి ఇలాంటి వంపు వస్తుంది. 250 నుంచి 2000 హెర్ట్జ్ దాకా 10, 15 డెసిబెల్స్, అంటే మామూలే. 3000 దగ్గర 30. 4000 దగ్గర 55. 6000 దగ్గర 60. 8000కి కాస్త తేరుకుని 50. ఈ మనిషికి అంచు ఎక్కడ? రెండు వేలకీ మూడు వేలకీ మధ్య. కాబట్టి అంచు వాదం నిజమైతే మోత సుమారు రెండున్నర వేల హెర్ట్జ్ దగ్గర ఉండాలి. పాత చిరునామా వాదం నిజమైతే నాలుగు నుంచి ఎనిమిది వేల మధ్య.

ఎక్కడుందో కనుక్కోవడానికి స్వరాలు వినిపించి పోల్చమంటాం. చెప్పినంత సులువు కాదిది. మోత ఒక చెవిలోనే ఉంటే, పోల్చే స్వరాన్ని రెండో చెవికి ఇవ్వడం మేలు. అదే చెవికి ఇస్తే ఆ స్వరమే మోతను కాసేపు అణిచేయవచ్చు, అప్పుడు మనిషి దేనితో పోలుస్తాడు? రెండు స్వరాలు ఒకదాని తరవాత ఒకటి వినిపించి, మీ మోతకి ఏది దగ్గరగా ఉందని అడగాలి. స్వరం మార్చిన ప్రతిసారీ దాని బిగ్గరతనాన్ని మోతతో సమానం చేయాలి. లేకపోతే మనిషి శ్రుతిని వదిలేసి బిగ్గరతనాన్ని పోలుస్తాడు. ఇలా దగ్గరకొస్తూ వచ్చి మూడు వేల హెర్ట్జ్ అని తేలిందనుకోండి. ఆగకూడదు. అసలు పొరపాటు జరిగేది ఇక్కడే.

సంగీతం నేర్చుకునేవాళ్లకి తెలుసు, మధ్యస్థాయి సా పాడమంటే కొందరు తారస్థాయి సా అందుకుని సరిపోయిందనుకుంటారు. ఒక స్థాయి తేడా ఉన్న రెండు స్వరాలు చెవికి ఒకే కుటుంబంలా తోస్తాయి. టిన్నిటస్ పోల్చేటప్పుడు కూడా అంతే. ఆరు వేల మోత ఉన్న మనిషి మూడు వేలని ఎంచుకుంటాడు. అందుకే ఎంచుకున్న స్వరానికి రెట్టింపుది, సగానిది రెండూ వినిపించి మళ్లీ అడగాలి. మన ఉదాహరణలో మూడు వేలకి ఎదురుగా ఆరు వేలు పెట్టేసరికి, కాదండీ, ఇదే అంటాడు. ఈ ఒక్క మెట్టు వదిలేస్తే మూడు వేలు అని రాసుకుని, అంచు వాదానికి ఒక ఓటు అన్యాయంగా వేసినవాళ్లమవుతాం.

ఒక్కసారి పోల్చి ఊరుకోవడమూ కుదరదు. అదే మనిషిని అదే రోజు మళ్లీ అడిగితే ఒక స్థాయి దాకా తేడా రావచ్చు. కనీసం అయిదారు సార్లు చేసి మధ్య విలువ తీసుకోవాలి. ఇంకో పద్ధతి నాకు ఎక్కువ నచ్చుతుంది. ఒకే స్వరం ఎంచుకోమనకుండా, అయిదు వందల నుంచి పన్నెండు వేల దాకా ఒక్కొక్క స్వరం వినిపించి, మీ మోతలో ఇది ఎంత ఉంది, సున్నా నుంచి పదికి మార్కు వేయండి అని అడుగుతారు. 2002లో నోరెన్యా బృందం ఇలాగే చేసింది. మన ఉదాహరణ మనిషి వెయ్యికి సున్నా, రెండు వేలకి ఒకటి, మూడు వేలకి మూడు, నాలుగు వేలకి ఆరు, ఆరు వేలకి ఎనిమిది, ఎనిమిది వేలకి ఏడు వేశాడనుకోండి. ఈ మార్కుల గీతను ఆడియోగ్రామ్ పక్కన పెట్టి చూడండి. వినికిడి ఎక్కడ కుంగిందో అక్కడే మార్కులు లేచాయి. చాలామందిలో నిజంగా కనిపించేది ఈ బొమ్మే. మోత ఒక సూది స్వరం కాదు. పోయిన ప్రాంతాన్నంతా పరుచుకున్న ఒక పట్టీ.

అయితే అంచు వాదం ఓడిపోయిందా? ఇక్కడ ఒక చిక్కుంది. 2010లో మూర్, వినయ్, సంధ్య మనుషులకి ముందుగా స్థాయి పొరపాటు పడకుండా తర్ఫీదు ఇచ్చి, తరవాత పోల్పించారు. అప్పుడు మోత అంచు దగ్గరికి వచ్చింది. అంటే పోల్చే పద్ధతి మారితే జవాబు మారుతోంది. మొత్తం సాక్ష్యం పోయిన ప్రాంతం వైపే మొగ్గుతుందని నా అభిప్రాయం. కానీ స్థాయి పరీక్ష చేశారో లేదో చెప్పని అధ్యయనాన్ని నేను లెక్కలోకి తీసుకోను.

శ్రుతి సంగతి అది. ఇంకో సాక్ష్యం కాలం నుంచి వస్తుంది. నన్నడిగితే పటం వాదాన్ని అసలు ఇరకాటంలో పెట్టింది ఇదే.

పటం తిరగరాసుకోవడానికి వారాలు పడుతుంది. మోత రావడానికి అన్ని వారాలు అక్కర్లేదు. 2012లో షెట్టె బృందం వినికిడి సమస్యేమీ లేని 18 మందికి ఒక చెవిలో సిలికాన్ బిరడా పెట్టి, ఏడు రోజులు తీయకుండా ఉంచింది. పద్నాలుగు మందికి లేని శబ్దం వినబడింది. బిరడా తీశాక అందరికీ పోయింది. బిరడా సన్నటి శబ్దాలనే ఎక్కువగా ఆపుతుంది, వాళ్లకి వినబడిన మోత కూడా సన్నటిదే. ఇక్కడ చచ్చిపోయిన కణం ఒక్కటీ లేదు. అంతకుముందు 1953లో హెల్లర్, బెర్గ్‌మన్ మామూలు వినికిడి ఉన్న 80 మందిని శబ్దం చొరబడని గదిలో కూర్చోబెడితే 94 శాతం మందికి ఏదో ఒక చప్పుడు వినబడింది. పటం చెక్కుచెదరకపోయినా మోత రాగలదన్నమాట.

పిల్లుల మీద నోరెన్యా, ఎగ్గర్‌మాంట్ 2003లో చేసిన పని ఈ కాలక్రమాన్ని ఇంకా దగ్గరగా చూపిస్తుంది. పెద్ద శబ్దం వినిపించిన వెంటనే కార్టెక్స్‌లోని కణాలు ఒకదానితో ఒకటి తాళం కలిపి మోగడం పెరిగింది. ఒక్కొక్క కణం తనంతట తాను మోగే వేగం మాత్రం అప్పటికప్పుడు పెరగలేదు, గంటల తరవాత పెరిగింది. పటం మార్పు ఆ తరవాతెప్పుడో వచ్చే సంగతి. పొగ ముందు, మంట తరవాత అని ఎవరైనా చెబితే నమ్ముతామా?

మనుషుల్లో నేరుగా అడిగిన ప్రశ్న ఇంకొకటుంది. 2012లో లాంగర్స్, డి క్లైనె, వాన్ డైక్ వినికిడి దాదాపు మామూలుగా ఉన్నవాళ్లనే రెండు గుంపులుగా తీసుకున్నారు. ఒక గుంపుకి టిన్నిటస్ ఉంది, రెండో గుంపుకి లేదు. ఫంక్షనల్ ఎమ్మారైలో పటాలు తీస్తే రెండు గుంపుల మధ్యా చెప్పుకోదగ్గ తేడా రాలేదు. దీన్నీ అతిగా సాగదీయొద్దు. ఎమ్మారై మిల్లీమీటర్ల తేడాలే చూస్తుంది, చిన్న మార్పు దానికి కనబడదు. కానీ వినికిడి నష్టాన్ని పక్కన పెట్టేస్తే పటం మార్పు కూడా పక్కకి పోయిందంటే, అంతకుముందు చూసిన పటం మార్పు టిన్నిటస్‌ది కాక వినికిడి నష్టానిదే అయి ఉండే అవకాశం బలపడుతుంది.

మరి మోత ఎక్కడినుంచి? ఇప్పుడు ఎక్కువమంది మొగ్గే వివరణకి గెయిన్ అని పేరు. మైకు, యాంప్లిఫయర్ చూసిన ప్రతివారికీ ఇది అర్థమవుతుంది. మాట్లాడేవాడి గొంతు తగ్గితే గెయిన్ తిప్పుతాం. బాగా తిప్పితే ఎవరూ మాట్లాడకపోయినా స్పీకర్లో సర్రుమంటుంది. ఆ సర్రు యాంప్లిఫయర్‌లో ముందునుంచీ ఉంది, పెంచడం వల్ల వినబడింది, అంతే.

నాడీకణాలకి ఒక అలవాటుంది. సగటున తమకి రావాల్సినంత కబురు రాకపోతే, వచ్చినదాన్నే పెద్దది చేసుకుంటాయి. ఉత్తేజపరిచే అతుకులు బలపడతాయి, ఆపేసే అతుకులు సడలుతాయి. 2006లో షెట్టె, కెంప్టర్ దీన్ని కంప్యూటర్ నమూనాగా రాశారు. రోమకణాలు పోతే వినికిడి నాడి తనంతట తాను మోగడం నిజానికి తగ్గుతుంది. ఇది గుర్తుపెట్టుకోండి, చాలామంది నాడి రెచ్చిపోయి మోగుతోందనుకుంటారు. మెదడు కాండంలోని కణాలు ఆ తగ్గుదలని పూడ్చుకోవడానికి గెయిన్ పెంచుతాయి. దాంతో నాడిలో మిగిలిన యాదృచ్ఛిక మోత కూడా పెద్దదవుతుంది. గెయిన్ ఎక్కువ పెరిగేది వినికిడి తగ్గినచోటే కాబట్టి, మోత ఆ స్వరాల్లోనే వస్తుంది. పాత చిరునామా బొమ్మ దీంతో సహజంగా సరిపోతుంది. బిరడా తీయగానే మోత పోవడానికీ ఇదే కారణం, కబురు మళ్లీ రాగానే గెయిన్ దిగింది.

ఆడియోగ్రామ్ మామూలుగా ఉండి మోత ఉన్నవాళ్ల సంగతేమిటని అడుగుతారు. 2009లో కుజావా, లిబర్‌మన్ ఎలుకల్లో చూపించింది ఇక్కడ పనికొస్తుంది. పెద్ద శబ్దం తరవాత వినికిడి గీత పూర్తిగా కోలుకుంది, రోమకణాలు బతికే ఉన్నాయి, కానీ వాటికీ నాడికీ మధ్య చాలా అతుకులు శాశ్వతంగా పోయాయి. మనుషుల్లో 2011లో షెట్టె, మెక్‌ఆల్పైన్ మెదడు కాండం తరంగాలు తీస్తే, టిన్నిటస్ ఉన్నవాళ్లలో నాడి నుంచి వచ్చే మొదటి తరంగం చిన్నదైంది, పైనుంచి వచ్చే అయిదో తరంగం మామూలుగా ఉంది. కింద తగ్గింది, పైకి వచ్చేసరికి సరిపోయింది. మధ్యలో ఎవరో గెయిన్ తిప్పారు. అయితే ఈ కొలత మనుషుల్లో ప్రతిచోటా ఇంత చక్కగా రాలేదు. మొదటి తరంగం ఎలక్ట్రోడు ఎక్కడ పెట్టామన్నదాన్నిబట్టి, తల సైజునిబట్టి కూడా మారుతుంది.

గెయిన్ వాదానికీ ఒక పెద్ద లోటుంది, దాచను. వినికిడి తగ్గినవాళ్లందరికీ గెయిన్ పెరగాలి కదా? మరి వాళ్లలో చాలామందికి మోతే లేదు. ఇంకోటి, గెయిన్ పెరిగితే మామూలు శబ్దాలు కూడా భరించలేనంత పెద్దగా వినబడాలి. అది హైపరెక్యూసిస్, వేరే సమస్య. రెండూ కలిసి వస్తాయి గానీ ఎప్పుడూ కాదు. అందుకే కొందరు గెయిన్ ఒకటి, లోపలి మోత ఒకటి అని విడదీసి చూస్తారు. మరికొందరు, సెడ్లీ, ఫ్రిస్టన్ బృందంలా, ఆ బలహీనపు మోత అందరి మెదడులోనూ ఉంటుందని, మామూలుగా మెదడు "ఇది నిశ్శబ్దమే" అన్న అంచనాతో దాన్ని కొట్టేస్తుందని, కొందరిలో ఆ అంచనాయే "ఇక్కడ శబ్దం ఉంది" అని మారిపోతుందని అంటారు. సెడ్లీ బృందమే 2015లో మూర్ఛ శస్త్రచికిత్స కోసం మెదడు మీద ఎలక్ట్రోడ్లు పెట్టిన ఒక మనిషిలో టిన్నిటస్‌ను కొన్ని క్షణాలు అణిచి, అప్పుడేం మారుతోందో చూసింది. మార్పు వినికిడి కార్టెక్స్ దాదాపు అంతటా, దాని బయట కూడా పరుచుకుని ఉంది. అదే టిన్నిటస్‌లాంటి నిజమైన శబ్దం వినిపిస్తే చిన్న ముక్కే వెలిగింది. పటంలో ఒక గట్టు జరిగితే ఇంత పెద్ద మార్పు రాదు.

ఇక్కడ అణచడం అన్నాను కదా, అది మీరూ క్లినిక్‌లో చూడొచ్చు. మోతను సరిగ్గా కప్పేంత హోరు ఎంతో కనుక్కోండి. మన ఉదాహరణలో 58 డెసిబెల్స్ అనుకుందాం. దానికి పది కలిపి 68 దగ్గర ఒక నిమిషం వినిపించి ఆపేయండి. చాలామందికి ఆపాక కాసేపు మోత తగ్గిపోతుంది, లేదా పూర్తిగా పోతుంది. సాధారణంగా అర నిమిషం అటూఇటూగా ఉండి తిరిగి వస్తుంది. కొద్దిమందికి పెరుగుతుంది, వాళ్లకి రెండోసారి చేయొద్దు. హోరు మనిషికి ఇబ్బందిగా ఉండే స్థాయికి ఎప్పుడూ వెళ్లొద్దు. ఇది వైద్యం కాదు. కబురు పంపితే మోత తగ్గుతుందని చూపే పరీక్ష.

ఇక ఇప్పుడు ప్రశ్నలు తీసుకుందాం.

[సభలోంచి ప్రశ్న: మరి పటాన్ని సరిచేస్తే టిన్నిటస్ పోతుందని ఎలుకల్లో చూపించారు కదా?]

చూపించారండీ. 2011లో ఇంజనీర్, కిల్గార్డ్ బృందం. మోత ఫ్రీక్వెన్సీ తప్ప మిగతా స్వరాలు వినిపిస్తూ, ప్రతిసారీ మెడలోంచి వెళ్లే వేగస్ నాడికి చిన్న విద్యుత్ ప్రేరణ ఇచ్చారు. రోజుకి మూడు వందల సార్లు, పద్దెనిమిది రోజులు. కార్టెక్స్‌లో పటం సర్దుకుంది, ఎలుకల ప్రవర్తనలో టిన్నిటస్ గుర్తులూ పోయాయి. చాలా అందమైన ప్రయోగం. కానీ ఆ చికిత్సతో పటమొక్కటే కాదు, కణాలు తాళం కలిపి మోగడం, తమంతట తాము రెచ్చిపోవడం కూడా సర్దుకున్నాయి. అందులో ఏది పనిచేసిందో చెప్పలేం. ఎలుకకి టిన్నిటస్ ఉందని తెలిసే పద్ధతి కూడా సందేహాస్పదమే. సన్నటి హోరు మధ్యలో చిన్న ఖాళీ పెడతారు, మోత ఆ ఖాళీని నింపేస్తుంది కాబట్టి ఎలుక గమనించదని ఊహ. మనుషులని అడిగితే, టిన్నిటస్ ఉన్నవాళ్లు ఆ ఖాళీని బాగానే గుర్తుపడుతున్నారు. మనుషుల్లో ఈ చికిత్స చిన్న ప్రయత్నాల దగ్గరే ఉంది, తేల్చి చెప్పే ఫలితం రాలేదు.

[ప్రశ్న: గెయిన్ వాదం నిజమైతే వినికిడి యంత్రం పెడితే సరిపోవాలి కదండీ? చాలామందికి సరిపోవడం లేదే?]

మంచి ప్రశ్న. మనం కబురు ఎక్కడికి పంపుతున్నామో చూడాలి. మామూలు వినికిడి యంత్రం అయిదారు వేల హెర్ట్జ్ దాటితే ఇచ్చే శబ్దం పడిపోతుంది. మన ఉదాహరణ మనిషికి మోత ఆరు వేల దగ్గర ఉంది. యంత్రం అతనికి మాటలు బాగా వినిపిస్తుంది, కానీ మోత ఉన్న ప్రాంతానికి కబురు అందదు. 2010లో షెట్టె బృందం సరిగ్గా ఇదే చూసింది. మోత ఆరు వేల లోపు ఉన్నవాళ్లకి యంత్రాలతో బిగ్గరతనం తగ్గింది, అంతకు పైన ఉన్నవాళ్లకి తగ్గలేదు. చిన్న అధ్యయనమే, అయినా దారి చూపిస్తుంది. అందుకని యంత్రం బిగించాక చెవి గొట్టంలో సన్నటి మైకు పెట్టి, ఆరు వేల దగ్గర నిజంగా ఎంత శబ్దం చేరుతోందో కొలవండి. కంప్యూటర్ తెర మీద కనిపించే అంచనా గీతని నమ్మొద్దు. చెవి అచ్చు వదులుగా ఉంటే ఎక్కువగా జారిపోయేది కింది స్వరాలే. పై స్వరాలు చాలకపోవడానికి కారణం ఎక్కువగా యంత్రంలోని చిన్న స్పీకరు, అంటే రిసీవరు, హద్దు, లేదా కూత రాకుండా యంత్రమే అక్కడ తగ్గించేయడం. ఆ రెంటినీ విడివిడిగా చూడాలి. పోయిన ప్రాంతంలో రోమకణాలు అసలే లేకపోతే ఎంత పెంచినా కబురు వెళ్లదు, అప్పుడు మనిషి శబ్దం గరగరమంటోందంటాడు. అక్కడ ఇంకా పెంచడం ఆపేయాలి.

[ప్రశ్న: ఒక చెవిలోనే మోత ఉంటే?]

అప్పుడు ఈ సిద్ధాంతాలన్నీ పక్కన పెట్టండి. ఒక చెవిలోనే మోత, ఆ చెవికే వినికిడి తక్కువ అంటే ముందు ఎమ్మారై తీసి నాడి మీద గడ్డ లేదని తేల్చుకోవాలి. గుండె కొట్టుకున్నట్టు మోగితే రక్తనాళాలు చూడాలి. ఒక్క రోజులో, రెండు రోజుల్లో వినికిడి పడిపోయి మోత వస్తే వెంటనే చెవి డాక్టరు దగ్గరికి వెళ్లాలి. స్టెరాయిడ్లతో ఉపయోగం ఉంటే అది మొదటి రెండు వారాల్లోనే ఎక్కువ.